సెంప్రె ద్రిత్తో: ఇటలీలో దారి అడిగాక చెవిన పడే మాటలు

ఇటాలియన్‌లో దారి అడగడం ఒక పూటలో వచ్చేస్తుంది. "స్కూజి, పెర్ ఇల్ కొలొస్సేఓ?" అంటే చాలు. "ఏమండీ, కొలోసియానికి ఎలా వెళ్ళాలి?" అని అడిగినట్టే. చిక్కంతా ఆ తర్వాత ఉంటుంది. మనం తడబడకుండా అడిగామా, ఎదుటి మనిషి మనకి భాష వచ్చనుకుంటాడు. చెయ్యి చాపి, ఊపిరి తీసుకోకుండా నాలుగు వాక్యాలు చెప్పేస్తాడు. మనం తలూపి "గ్రాత్సియే" అని కృతజ్ఞత చెప్పి, ఆ చెయ్యి చూపించిన వైపు నడిచి, మొదటి మలుపు దగ్గర నిలబడిపోతాం. ప్రయాణికుల కోసం వేసే పుస్తకాలు చాలావరకు ప్రశ్నలు నేర్పి ఊరుకుంటాయి. అందుకని ఇక్కడ ప్రశ్న సంగతి త్వరగా ముగించి, జవాబు దగ్గర నెమ్మదిగా ఆగుదాం.

ప్రశ్న విషయంలో గుర్తుంచుకోవాల్సింది కొంచెమే. పెద్దవాళ్ళని, ముక్కూమొహం తెలియనివాళ్ళని "స్కూజి" అని పలకరించాలి. మన ఈడు కుర్రాళ్ళయితే "స్కూజా" అన్నా ఏమీ అనుకోరు. ఆ తర్వాత "పెర్" అని చోటు పేరు చెప్పవచ్చు, లేదా "దొవే" అంటే "ఎక్కడుంది" అని అడగవచ్చు. "దొవే లా స్తత్సియోనె?" అంటే స్టేషన్ ఎక్కడ అని. ఉచ్చారణలో తెలుగువాళ్ళకి ఒక సౌకర్యం ఉంది. ఇటాలియన్‌లో త, ద అనే అక్షరాలు మన త, ద లాగే పళ్ళకి నాలుక ఆనించి పలుకుతారు. ఇంగ్లిష్‌లోలా ట, డ అనకూడదు. ఒత్తు పలకడమూ మనకి కొత్త కాదు. "ద్రిత్తో"లో తకి త వత్తు ఉందని చెబితే "అత్త"లో పలికినట్టే పలుకుతాం. కాబట్టి ఈ మాటలన్నిటినీ తెలుగు లిపిలో రాసుకుని చదువుకుంటే, ఇంగ్లిష్ అక్షరాల్లో చూసి చదివినదానికన్నా ఇటలీ వాళ్ళకి బాగా అర్థమవుతుంది.

ఎవరిని అడగాలన్నదీ ముఖ్యమే. దారిన పోయేవాళ్ళలో సగం మంది మనలాంటి పరాయి ఊరివాళ్ళే అయివుంటారు. "నోన్ సోనో ది క్వి" అన్నారంటే "నాదీ ఊరు కాదండీ" అని. వదిలేసి ఇంకొకరిని అడగాలి. రోజంతా ఒకచోటే ఉండేవాళ్ళు మేలు. వీధి మలుపులో పత్రికలు అమ్మే కొట్టుని "ఎదీకొలా" అంటారు, మందుల షాపుని "ఫర్మచీయా" అంటారు. కాఫీ తాగే చోటు పేరు ఇటలీలో "బార్". ఈ మూడింట్లో ఏదో ఒకటి ఎక్కడైనా కనిపిస్తుంది.

ఇక జవాబు. రోమ్‌లో అసలైన దారి ఒకటి తీసుకుందాం. తెర్మినీ స్టేషన్ ముందున్న పెద్ద మైదానం పేరు పియాత్సా దెయ్ చింక్వెచెంతో. స్టేషన్ ముఖద్వారం నుంచి బయటికొచ్చి ఎడమకి నడిస్తే వీయా కవూర్ మొదలవుతుంది. వీయా అంటే వీధి. ఆ వీధి మొదట్లో నిలబడి కొలోసియానికి దారి అడిగామనుకోండి. ఇలాంటి జవాబు వస్తుంది:

"అల్లోరా, వాదా సెంప్రె ద్రిత్తో పెర్ వీయా కవూర్, ఫీనో ఇన్ ఫోందో. వెద్రా ఊనా కియేజా గ్రాందె ఆ సినీస్త్రా, మా లేయ్ కొంతీనుయి, షెందా. ఇన్ ఫోందో జీరి ఆ సినీస్త్రా, ఎ ఇల్ కొలొస్సేఓ లో వేదె సూబితో. సరాన్నో వెంతి మినూతి ఆ పియేది."

తెలుగులో చెప్పాలంటే: "అయితే వినండి. కవూర్ వీధి వెంట తిన్నగా, చివరిదాకా వెళ్ళండి. ఎడమచేతి వైపు పెద్ద చర్చి కనిపిస్తుంది, మీరు మాత్రం ఆగకుండా దిగుతూ వెళ్ళిపోండి. చివర్న ఎడమకి తిరిగితే కొలోసియం వెంటనే కనబడుతుంది. నడిస్తే ఇరవై నిమిషాలుంటుంది."

ఇందులో ప్రతి మాటా పట్టుకోనక్కర్లేదు. నా ఉద్దేశంలో మూడు పట్టుకుంటే గమ్యం చేరతాం. ఎంతవరకు తిన్నగా వెళ్ళాలి, ఎక్కడ తిరగాలి, ఎటు తిరగాలి. మిగతాది వినకపోయినా నష్టం లేదు. మొదట్లో వచ్చే "అల్లోరా"కి పెద్ద అర్థమేమీ లేదు. "ఊఁ, అయితే" అని మనం ఆలోచిస్తూ అనే మాట లాంటిది. అది వినబడగానే మనం చెవులు సిద్ధం చేసుకోవాలి.

"ద్రిత్తో" అంటే తిన్నగా. కొందరు "దిరిత్తో" అని కూడా అంటారు. "దెస్త్రా" అంటే కుడి. ఈ రెండూ కలగాపులగమైపోవడం కొత్తవాళ్ళకి అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. రెండూ ద తోనే మొదలవుతాయి, రెండిట్లోనూ త, ర లు ఉంటాయి, రద్దీ రోడ్డు మీద రెండూ ఒకలాగే వినిపిస్తాయి. వీటిని విడదీయడానికి మాట చివర వినాలి. ఓ తో ముగిస్తే తిన్నగా, ఆ తో ముగిస్తే కుడికి. ఇంకో ఆనవాలూ ఉంది. తిన్నగా అనేటప్పుడు చాలామంది ముందు "సెంప్రె" తగిలిస్తారు. కుడి అనేటప్పుడు "ఆ దెస్త్రా" అని ముందు "ఆ" వస్తుంది. ఎడమతో ఈ బాధ లేదు. "సినీస్త్రా" పొడుగైన మాట, నడుమ "నీ" మీద ఊనిక పడుతుంది కాబట్టి ఎంత గోలలోనైనా తెలిసిపోతుంది.

సెంప్రె ద్రిత్తో అన్నారని రోడ్డు గీత గీసినట్టు ఉంటుందనుకోకూడదు. "ఈ రోడ్డు వదలొద్దు" అన్నదే ఆ మాటలోని భావం. రోడ్డు కొంచెం వంకర తిరిగినా, మధ్యలో చౌరస్తా దాటాల్సి వచ్చినా అది వాళ్ళ లెక్కలో తిన్నగానే. ఎక్కడిదాకా అన్నది "ఫీనో" చెబుతుంది. "ఫీనో ఆల్ సెమాఫొరో" అంటే సిగ్నల్ దాకా, "ఫీనో ఆల్ పోంతె" అంటే వంతెన దాకా, "ఫీనో ఇన్ ఫోందో" అంటే చిట్టచివరిదాకా. నన్నడిగితే మొత్తం జవాబులో అన్నిటికన్నా విలువైన మాట ఈ ఫీనోనే. అది తప్పిపోతే తిన్నగా నడుస్తూనే ఉంటాం, ఎక్కడ ఆగాలో తెలియదు.

ఇప్పుడు అసలు మెలిక. పై జవాబులో "ఆ సినీస్త్రా" రెండుసార్లు వచ్చింది, గమనించారా? మొదటిసారి చర్చి దగ్గర, రెండోసారి వీధి చివర. భాష కొంచెమే తెలిసినవాళ్ళకి జవాబులో మెరుపులా తగిలేది ఈ మాట ఒక్కటే. "చర్చి, ఎడమ" అని విని చర్చి దగ్గరే ఎడమకి తిరిగేస్తారు. మన తెలుగులో ఈ ఇబ్బంది రాదు. ఉన్న చోటు చెప్పాలంటే "ఎడమచేతి వైపు" అంటాం, తిరగమనాలంటే "ఎడమకి" అంటాం. ఇటాలియన్‌లో రెండిటికీ "ఆ సినీస్త్రా"నే వాడతారు. తేడా అంతా దాని ముందున్న క్రియలో ఉంటుంది. "జీరి" అంటే తిరగండి. "వెద్రా" అంటే కనిపిస్తుంది, "చే" అంటే ఉంది. జీరి వినబడితేనే తిరగాలి. వెద్రా, చే వినబడితే అది కేవలం ఆనవాలు. దాన్ని చూసి సరైన దారిలోనే ఉన్నామని ధైర్యం తెచ్చుకుని ముందుకి సాగిపోవాలి. కొందరు "సుల్లా సినీస్త్రా" అని విడమరిచి అంటారు, అప్పుడది కచ్చితంగా ఎడమవైపున్న వస్తువు గురించే.

ఆ దారి నడిచి చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. వీయా కవూర్‌లో కాసేపు నడిచాక ఎడమవైపు పియాత్సా దెల్ ఎస్క్విలీనో అనే ఖాళీ స్థలం వస్తుంది, దాని నడుమ ఒక రాతి స్తంభం ఉంటుంది. స్తంభం వెనక మెట్ల మీద కనిపించేది శాంతా మరీయా మజ్జోరె చర్చి వెనుక భాగం. పోప్ ఫ్రాన్సిస్‌ని 2025 ఏప్రిల్‌లో సమాధి చేసింది ఈ చర్చిలోనే. అంత పెద్ద ఆనవాలు కనుకనే రోమ్‌వాళ్ళు దాని పేరెత్తుతారు. అక్కడ ఎడమకి తిరిగితే చర్చి చుట్టూ తిరిగి వేరే పేటలోకి పోతాం. తిరగకుండా పల్లంలోకి దిగుతూ పోతే కవూర్ అనే పేరుతోనే మెట్రో స్టేషన్ వస్తుంది. ఇంకొంచెం దిగితే ఎడమవైపు పైకి వెళ్ళే మెట్లు ఉంటాయి. అవి ఎక్కితే మైఖెలాంజెలో చెక్కిన మోషే విగ్రహం ఉన్న శాన్ పియేత్రో ఇన్ వీంకొలి చర్చి వస్తుంది. దాన్నీ దాటి వీధి చివరికొస్తే వెడల్పాటి వీయా దెయ్ ఫోరి ఇంపెరియాలి అడ్డం వస్తుంది. ఇక్కడ ఎడమకి చూస్తే కొలోసియం గోడలు ఎదురుగా ఉంటాయి. పొరపాటున కుడికి తిరిగితే తెల్లటి పాలరాతి కట్టడం ఒకటి పెద్దదవుతూ కనిపిస్తుంది. అది పియాత్సా వెనేత్సియా దగ్గరున్న విత్తొరియానో. అది దగ్గరవుతోందంటే వెనక్కి తిరగాలని అర్థం. "తోర్ని ఇందియేత్రో" అంటే వెనక్కి వెళ్ళండి అని.

జవాబులో "జీరి" బదులు "ప్రెందా" వినిపిస్తే అది మలుపుల లెక్క. "ప్రెందా లా సెకోందా ఆ దెస్త్రా" అంటే కుడిపక్క రెండో వీధిలోకి వెళ్ళండి. వీధి అనే మాటని మింగేసి "మొదటిది, రెండోది, మూడోది" అని ఊరుకుంటారు. "లా ప్రీమా, లా సెకోందా, లా తేర్త్సా". ఈ ప్రీమా దగ్గర ఇంకో చిక్కుంది. దానికి మొదటిది అనే అర్థమే కాదు, "ముందు" అనే అర్థం కూడా ఉంది. "లా ప్రీమా ఆ దెస్త్రా" అంటే కుడిపక్క మొదటి వీధి. "ప్రీమా దెల్ పోంతె, ఆ దెస్త్రా" అంటే వంతెన రాకముందే కుడికి. వంతెన దాటాక మొదటి వీధి అనుకున్నామో, అనవసరంగా ఏరు దాటేస్తాం. దీన్ని విడదీయడం తేలికే. ప్రీమాకి ముందు "లా" వస్తే అది లెక్క. ప్రీమాకి వెనక "దెల్, దెల్లా, ది" లాంటిది వస్తే ఏదో ఒకటి రాకముందు అని. దాటాక అనాలంటే "దోపో" అంటారు. "దోపో ఇల్ సెమాఫొరో" అంటే సిగ్నల్ దాటాక. మాటకీ మాటకీ మధ్య తరచుగా "పోయ్" వినిపిస్తుంది, "తర్వాత" అని. "పోయ్ ఆ దెస్త్రా" అంటే తర్వాత కుడికి. మన "పోయి"కి అర్థం వేరైనా, ఈ చోట తెలుగువాడి చెవికి ఇట్టే అంటుకుంటుంది.

ఇటలీ ఊళ్ళలో రెండు ఇళ్ళ మధ్య సన్నటి సందులు చాలా ఉంటాయి, వాటిని "వీకొలో" అంటారు. రెండో మలుపు అని చెప్పినవారు ఆ సందుని లెక్కలో వేశారో లేదో మనకి తెలియదు. ఈ అనుమానం వచ్చినప్పుడు లెక్కని నమ్ముకోకుండా మలుపులో ఏముందని అడిగితే నయం. "బ్యాంకు దగ్గర" అనో "మందుల షాపు దగ్గర" అనో చెబుతారు. "ఆల్లాంగొలో" అంటే మూల మీద, "ది ఫ్రోంతె" అంటే ఎదురుగా, "అక్కాంతో" అంటే పక్కన.

మర్యాద గురించి ఒక మాట. తెలుగులో వెళ్ళండి, వెళ్ళు అని ఉన్నట్టే ఇటాలియన్‌లోనూ రెండు రకాలున్నాయి. "వాదా" అంటే వెళ్ళండి, "వాయ్" అంటే వెళ్ళు. మనం చివర "అండి" చేరుస్తాం, వాళ్ళు చివరి అచ్చుని మారుస్తారు. మార్పు ఒక్కోసారి ఒక్కో రకంగా ఉండటం కొత్తవాళ్ళని తికమక పెడుతుంది. "జీరి" మర్యాద, "జీరా" చనువు. అదే "ప్రెందా" దగ్గరికొచ్చేసరికి తిరగబడి "ప్రెందా" మర్యాద, "ప్రెంది" చనువు అవుతుంది. పైగా మామూలు మాటల్లో మర్యాదగా మాట్లాడేవాళ్ళు కూడా "మీరు ఇలా వెళ్తారు, అక్కడ తిరుగుతారు" అన్న ధోరణిలో "వా, జీరా" అనేస్తుంటారు. వినేవాళ్ళకి దీంతో పని లేదు. ఇన్ని రూపాల్లోనూ జీర్, ప్రెంద్ అనే మొదటి భాగం మారదు. దాన్ని పట్టుకుంటే పని అయిపోతుంది. ఎవరో కుర్రాడు "జీరా" అన్నాడని నొచ్చుకోవాల్సిన పనీ లేదు.

దూరం సంగతికొద్దాం. "ఎ లొంతానో?" అంటే దూరమా అని. "క్వాంతో చి వువోలె?" అంటే ఎంతసేపు పడుతుంది అని. నేనైతే రెండోదే అడగమంటాను. దూరం, దగ్గర అనేవి మనిషిని బట్టి మారతాయి. నిమిషాలు అడిగితే ఒక అంకె చేతికొస్తుంది. జవాబు "చి వోల్యోనో దియేచి మినూతి" అని వస్తే పది నిమిషాలు పడుతుంది. ఐదుకి "చింక్వె", పదిహేనుకి "క్విందిచి" అంటారు. ఈ రెండూ ఒకదాన్నొకటి తలపించేలా ఉంటాయి కాబట్టి అనుమానమొస్తే చేతి వేళ్ళు చూపించి అడగాలి. ఇరవైకి "వెంతి", పావుగంటకి "ఉన్ క్వార్తో దోరా", అరగంటకి "మెద్జోరా". నడకన అని చెప్పడానికి "ఆ పియేది" కలుపుతారు.

"ఆ దూఎ పాస్సి" అన్నారంటే రెండడుగుల్లో ఉంది అని. అడుగులు లెక్కపెట్టకండి. పక్కనే ఉంది అనడానికి వాడుక మాట అది. "క్వి విచీనో" అన్నా ఇక్కడే దగ్గర్లో అనే. మీటర్లలో చెప్పేవాళ్ళు కచ్చితంగా చెప్పరు, ఉజ్జాయింపుగా చెబుతారు, ఆ ఉజ్జాయింపుని భాషలోనే చూపిస్తారు. "ఊనా దెచీనా ది మినూతి" అంటే ఓ పది నిమిషాలు, "ఉన్ చెంతినాయో ది మేత్రి" అంటే ఓ వంద మీటర్లు. అంకె చివర్న ఈనా, నాయో లాంటి తోకలు కనబడితే దానికి అటో ఇటో అని అర్థం. ఇంకో పద్ధతి మనకి బాగా దగ్గరిది. "సరాన్నో దుయెచెంతో మేత్రి" అంటారు. సరాన్నో అనేది వ్యాకరణం ప్రకారం భవిష్యత్తులో చెప్పే మాట. కానీ ఇక్కడ రేపటి సంగతి కాదు. మనం "రెండొందల మీటర్లుంటుంది" అని అంచనాగా ఎలా అంటామో, వాళ్ళూ అచ్చం అలాగే అంటారు. కవూర్ వీధి జవాబులో "సరాన్నో వెంతి మినూతి" అన్నది కూడా అందుకే. నింపాదిగా, చర్చి చూసుకుంటూ నడిచేవాళ్ళు ఆ ఇరవైకి ఇంకో ఐదు కలుపుకోవాలి.

దూరం ఎక్కువనిపిస్తే వాళ్ళే బస్సో మెట్రోనో ఎక్కమంటారు. తెర్మినీ దగ్గర ఆ జవాబు ఇలా ఉంటుంది: "ప్రెందా లా మేత్రో బీ, దిరెత్సియోనె లౌరెంతీనా, ఎ షెందా ఆల్లా సెకోందా ఫెర్మాతా." బీ లైను మెట్రోలో లౌరెంతీనా వైపు వెళ్ళేది ఎక్కి రెండో స్టేషన్‌లో దిగండి అని. మనం ఎక్కిన స్టేషన్ లెక్కలోకి రాదు. మొదటిది కవూర్, రెండోది కొలొస్సేఓ. ఇందాక వీధిలో పల్లంలోకి నడవమనడానికి వాడిన "షెందా"నే ఇక్కడ రైలు దిగమనడానికి వచ్చింది. మెట్లు దిగడానికీ బస్సు దిగడానికీ తెలుగులోనూ ఒకటే మాట కాబట్టి మనకిది ఇబ్బంది పెట్టదు. దీనికి ఎదురుమాట "సాల్గా", ఎక్కండి అని.

జవాబు విన్నాక చేయాల్సిన పని ఒకటుంది. చాలామంది దాన్ని వదిలేస్తారు. "కపీతో" అంటే అర్థమైంది అనేసి వెళ్ళిపోకుండా, మనకి అందినంత తిరిగి చెప్పాలి. "అల్లోరా, ఇన్ ఫోందో ఆ సినీస్త్రా?" అని ప్రశ్నలా పలకాలి. సరైతే "సీ, ఎజాత్తో" అంటారు. తప్పయితే "నో, నో" అని సరిదిద్దుతారు, అదీ ఈసారి నెమ్మదిగా, ఒక్క ముక్కే చెబుతారు. మొదటి జవాబులో పదో వంతు అందినా ఈ రెండో విడతలో పని పూర్తవుతుంది. అస్సలు అందకపోతే "ప్యూ పియానో, పెర్ ఫవోరె" అనాలి, కాస్త నెమ్మదిగా చెప్పండి అని. వాళ్ళు చెబుతున్నప్పుడు ఎదురుగా నిలబడటం కన్నా పక్కకి చేరి వాళ్ళు చూసే వైపే చూడటం మంచిది. ఎదురుగా ఉంటే వాళ్ళ కుడి మనకి ఎడమవుతుంది. పక్కన ఉంటే చెయ్యి ఎటు చూపిస్తే అటే. ఆ చేతిని జాగ్రత్తగా చూడాలి. దారి చెప్పే మనిషి చెయ్యి చాలాసార్లు నోటికన్నా ముందు మలుపు తిరుగుతుంది.

పొడుగాటి దారయితే మొత్తం ఒకరినే అడిగి మోసుకెళ్ళనక్కర్లేదు. మొదటి పెద్ద ఆనవాలు దాకా విని, అక్కడికి చేరాక మరొకరిని అడగవచ్చు. పూర్తిగా తప్పిపోతే మగవాళ్ళు "మి సోనో పేర్సో" అనాలి, ఆడవాళ్ళు "మి సోనో పేర్సా" అనాలి.

వీధిలోనే కాదు, భవనం లోపల కూడా ఇవే మాటలు పనికొస్తాయి. మిలాన్, టురిన్‌లకి చదువుకోడానికి వెళ్ళే మన పిల్లలకి ఇది బాగా అవసరం. దిగిన ఎనిమిది పనిదినాల్లోగా నివాస అనుమతికి దరఖాస్తు పెట్టుకోవాలి. దానికోసం పోస్టాఫీసుకి, ఆ తర్వాత క్వెస్తూరా అనే పోలీసు కార్యాలయానికి తిరగాల్సి ఉంటుంది. అక్కడ ఫోన్‌లోని మ్యాపు గుమ్మం దాకానే తెస్తుంది. లోపల కాపలా మనిషిని అడిగితే "సెకోందో పియానో, ఇన్ ఫోందో ఆల్ కొర్రిదోయో, లా తేర్త్సా పోర్తా ఆ దెస్త్రా" అంటాడు. రెండో అంతస్తు, వరండా చివర, కుడిపక్క మూడో తలుపు. ఇందాక నెమ్మదిగా అని చెప్పుకున్న పియానోకే అంతస్తు అనే అర్థం కూడా ఉంది. ముందు అంకె వస్తే అంతస్తు. నేల అంతస్తుని "పియానో తేర్రా" అంటారు, దాని పైది మొదటి అంతస్తు, మన దగ్గరలాగే. అదే పద్ధతిలో బార్‌లో బాత్రూమ్ కోసం "దొవే ఇల్ బాన్యో?" అని అడిగితే ఎక్కువసార్లు వచ్చే జవాబు "ఇన్ ఫోందో ఆ దెస్త్రా", చివర్న కుడివైపు అని. ఇటలీవాళ్ళే దీని గురించి తమలో తాము నవ్వుకుంటారు, అంత మామూలైపోయింది.

ఈ లెక్కలన్నీ కాస్త సడలేది వెనిస్‌లో. అక్కడ వీయా అనే మాట అరుదు. సందుని "కల్లె" అంటారు, కూడలిని "కాంపో", కాలువ ఒడ్డున నడిచే దారిని "ఫొందమేంతా", ఇళ్ళ కిందుగా పోయే సొరంగం లాంటి దారిని "సొతొపోర్తెగో" అంటారు. కాలువని పూడ్చి దారిగా మార్చితే దాని పేరు "రీయో తెరా". ఊరంతటికీ పియాత్సా అనిపించుకునేది శాన్ మార్కో ఒక్కటే. ఇంటి నంబర్లు వీధుల వారీగా ఉండవు. ఊరిని సెస్తియేరె అనే ఆరు పేటలుగా విడదీశారు, ఒక్కో పేటలో నంబర్లు ఒకటి నుంచి మొదలై వేలల్లోకి పోతాయి. అందుకని నంబరు చూపించి అడిగితే పక్క సందులో ఉండే మనిషి కూడా తెల్లమొహం వేస్తాడు. దగ్గర్లోని కాంపో పేరో చర్చి పేరో చెప్పి అడగాలి. ఇల్లు అద్దెకిచ్చినవారిని ముందే ఆ పేరు అడిగి రాసి ఉంచుకోవడం తెలివైన పని.

వెనిస్‌లో శాంతా లుచీయా స్టేషన్ నుంచి రియాల్తో వంతెనకి దారి అడిగితే "సెంప్రె ద్రిత్తో" అనే అంటారు. నిజానికి ఆ దారి తిన్నగా ఉండదు. స్టేషన్ బయట ఎడమకి తిరిగి లిస్తా ది స్పాన్యా అనే వీధి పట్టాలి. గూల్యె వంతెన ఎక్కి దిగి, రీయో తెరా శాన్ లెయొనార్దో దాటి, వెడల్పాటి స్త్రాదా నోవా వెంట శాంతి అపోస్తొలి కూడలి దాకా రావాలి. అక్కడినుంచి దారి సన్నబడి రెండు మూడు మెలికలు తిరుగుతుంది. చివరికి నాటక రచయిత కార్లో గొల్దోని విగ్రహం ఉన్న శాన్ బర్తొలొమేఓ కూడలి వస్తుంది. అక్కడ కుడికి తిరిగితే 1591లో పూర్తయిన రియాల్తో వంతెన మెట్లు. అరగంట నడక. ఇక్కడ సెంప్రె ద్రిత్తో అంటే జనం పోయే పెద్ద దారిని వదలొద్దు అని. మలుపుల్లో గోడల మీద పసుపు పలకలు ఉంటాయి, "పెర్ రియాల్తో" అని రాసి బాణం వేసి. దూరం కూడా ఇక్కడ మీటర్లలో కన్నా వంతెనల్లో చెబుతారు. "దోపో ఇల్ సెకోందో పోంతె" అంటే రెండో వంతెన దాటాక.

దారి తప్పామని వెనిస్‌లో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. దుకాణాలు ఆగిపోతాయి, గోడ మీద పలకలు కనిపించవు, సందు రెండు చేతులు చాపితే తగిలేంత సన్నబడుతుంది, ఒక్కోసారి చివర్న మెట్లు నేరుగా నీళ్ళలోకి దిగిపోతాయి. ఇరుకు సందుల్లో ఫోన్ మ్యాపులోని చుక్క కూడా ఒక కాలువ అటు, ఒక కాలువ ఇటు గెంతుతుంటుంది కాబట్టి దాన్ని పట్టుకుని వేలాడకూడదు. వచ్చిన దారినే వెనక్కి నడిచి, ఇందాక దాటిన కాంపో చేరి, అక్కడి బార్ లోపలికి వెళ్ళి "స్కూజి, పెర్ రియాల్తో?" అని మళ్ళీ అడగాలి. ఈసారి జవాబులో "ఫీనో" తర్వాత ఏ వంతెన పేరు వస్తుందో, ఆ ఒక్కటీ విని గుర్తుపెట్టుకుంటే సరి.